అన్నీ నార్మలే, అయినా తగ్గుతున్న మూత్రపిండాలు: పాత రిపోర్టులను ఒకే పట్టికలోకి చేర్చడం

రక్తపరీక్షల కాగితాలు మన ఇళ్లలో ఎక్కడ ఉంటాయో మీకు తెలియనిది కాదు. బీరువా పై అరలో, బట్టల దుకాణం వారిచ్చిన సంచిలో, ఎక్స్‌రే ఫిల్ముల మధ్య నలిగి ఉంటాయి. వైద్యుని దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ సంచి మొత్తం తీసుకువెళతాము. ఆయన పైనున్న కాగితం ఒక్కటి చూసి, నక్షత్రపు గుర్తో, నల్లని అక్షరాలో కనబడకపోతే "బాగానే ఉంది" అంటారు. వృత్తిలో ఉన్నప్పుడు నేనూ రోజుకు అరవై డెబ్బై మందిని చూసేవాడిని కనుక ఆయనకు ఉన్న సమయమెంతో నాకు తెలుసు. సంచిలోని మిగిలిన కాగితాలను తేదీల వారీగా పేర్చి చదివే పని ఆయన చేయలేరు. ఆ పని ఇంట్లోనే జరగాలి. దానిని ఎలా చేయాలో, ఎక్కడెక్కడ పొరపాటు పడే అవకాశముందో ఒకే ఒక పరీక్షను తీసుకొని చెబుతాను. ఆ పరీక్ష సీరమ్ క్రియాటినిన్. కారణమేమిటో చదువుతుంటే మీకే అర్థమవుతుంది.

కరీంనగర్ వైపు నుంచి వచ్చి మా వీధిలో స్థిరపడిన ఒక పెద్దమనిషి ఉన్నారు. వారి అనుమతితోనే, గుర్తుపట్టకుండా వివరాలు కొద్దిగా మార్చి రాస్తున్నాను. 1965 జనవరిలో పుట్టారు. మధుమేహం, రక్తపోటు రెండూ చాలా ఏళ్లుగా ఉన్నాయి. 2016 నుంచి 2018 వరకు గల్ఫ్‌లో క్రేన్ ఆపరేటరుగా పనిచేసి తిరిగివచ్చారు. 2023 చివరలో వారి అమ్మాయి ఆ సంచితో మా ఇంటికి వచ్చి, "డాక్టరు గారూ, అన్నీ నార్మలే. 2022లో విరేచనాలతో ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఒక్కసారి మాత్రం కిడ్నీ పరీక్ష ఎక్కువ వచ్చింది. అది తప్ప ఏమీ లేదు. కానీ నాన్న ఈమధ్య త్వరగా అలసిపోతున్నారు" అన్నది. కాగితాలు చూస్తే ఆమె చెప్పింది అక్షరాలా నిజమే. ఎనిమిదేళ్లలో క్రియాటినిన్‌కు నక్షత్రపు గుర్తు పడింది ఒక్కసారే.

మొదట తేదీల సంగతి. ఒక రిపోర్టు మీద సాధారణంగా రెండు మూడు తేదీలు ఉంటాయి: రక్తం తీసినది, ప్రయోగశాలలో నమోదైనది, ఫలితం అచ్చయినది. పట్టికలోకి ఎక్కవలసినది రక్తం తీసిన తేదీ, అంటే ‘కలెక్టెడ్’ అని ఉన్నది. థైరాయిడ్ వంటి పరీక్షలకు ఒక రోజు తేడా వల్ల పెద్ద నష్టం ఉండదు గాని, ఆసుపత్రిలో చేరినప్పుడు రోజుకు రెండుసార్లు రక్తం తీస్తారు. అప్పుడు అచ్చయిన తేదీని పట్టుకుంటే వరుస తారుమారవుతుంది. తేదీని అంకెల్లోనే రాస్తే మరో చిక్కు ఉంది. 04/06/2021 అన్నది మన దగ్గర జూన్ 4, కాని అమెరికా పద్ధతిలో అమర్చిన కంప్యూటరుకు ఏప్రిల్ 6. నెల పేరును అక్షరాల్లో రాయడం మంచిది.

తరువాత ఫలితం. ఇక్కడ నేను ఆ అమ్మాయికి పెట్టిన నియమం ఒక్కటే: కాగితం మీద ఏమి ఉన్నదో దానిని మార్చకుండా ఒక గడిలో రాయాలి, దాని ప్రమాణాన్ని పక్క గడిలో రాయాలి, మార్చిన విలువ మూడవ గడిలోకి రావాలి. అసలు అంకెను తుడిచి మార్చిన అంకెను పెట్టకూడదు. ఎందుకంటే మార్చడంలో తప్పు జరిగితే, వెనక్కి వెళ్లి సరిచూడడానికి అసలు అంకె ఉండాలి.

ఈ నియమం ఎంత అవసరమో 2017 కాగితం దగ్గరే తెలిసింది. గల్ఫ్‌లోని క్లినిక్ ఇచ్చిన రిపోర్టులో క్రియాటినిన్ 88 అని ఉన్నది. మన ఊరి కాగితాలన్నీ 0.9, 1.1 అంటుంటే ఇక్కడ ఎనభై ఎనిమిది! ఆ అమ్మాయి దానిని అచ్చు తప్పు అనుకొని పక్కన పెట్టేసింది. అది అచ్చు తప్పు కాదు. మన ప్రయోగశాలలు క్రియాటినిన్‌ను డెసిలీటరు రక్తంలో ఎన్ని మిల్లీగ్రాములు అని చెబుతాయి. గల్ఫ్ దేశాల్లో, బ్రిటన్‌లో, ఆస్ట్రేలియాలో చాలాచోట్ల లీటరులో ఎన్ని మైక్రోమోల్‌లు అని చెబుతారు. రెండవదానిని 88.4తో భాగిస్తే మొదటిది వస్తుంది. 88ని 88.4తో భాగిస్తే 0.995, అంటే 1.0. పక్కన పారేసిన ఆ కాగితమే వరుసలో తప్పిపోయిన మెట్టు. పిల్లలు విదేశాల్లో ఉండి, ఆరు నెలలు అక్కడ, ఆరు నెలలు ఇక్కడ గడిపే తల్లిదండ్రుల సంచుల్లో ఇటువంటి కాగితాలు తప్పక ఉంటాయి. వాటిని పారేయకండి.

యూరియా దగ్గర ఇంతకంటే మోసపోయే అవకాశం ఉంది. 2017లో వీరి యూరియా 5.2, 2019లో 32, 2021లో 17. "2019లో పెరిగింది, తరువాత సగానికి తగ్గింది, పథ్యం పనిచేసింది" అని ఇంట్లో సంతోషించారట. నిజానికి అవి మూడు వేర్వేరు కొలతలు. మొదటిది లీటరుకు మిల్లీమోల్‌లలో ఉన్న యూరియా. దానిని 6తో గుణిస్తే సుమారు 31 మిల్లీగ్రాములు. రెండవది మనకు అలవాటైన బ్లడ్ యూరియా, 32. మూడవ కాగితాన్ని జాగ్రత్తగా చూస్తే పరీక్ష పేరే వేరు: బ్లడ్ యూరియా నైట్రోజన్, అంటే బి.యు.ఎన్. యూరియాలో ఉన్న నైట్రోజన్‌ను మాత్రమే అది లెక్కిస్తుంది. యూరియా అణుభారం 60, అందులో నైట్రోజన్ వాటా 28. కనుక బి.యు.ఎన్. అంకెను 60/28తో, అంటే 2.14తో గుణిస్తే యూరియా వస్తుంది. 17ను గుణిస్తే 36. ఇప్పుడు వరుస 31, 32, 36. సగానికి తగ్గడం కాదు, మెల్లగా పెరుగుతున్నది. పైగా 5.2కు, 17కు ఇద్దరికీ వారి వారి కాగితాల మీద ‘నార్మల్’ అనే ఉన్నది. అది నిజమే కూడా.

దీనివల్లనే ప్రతి ఫలితం పక్కన ఆ రోజు ఆ ప్రయోగశాల ఇచ్చిన ప్రామాణిక పరిధిని కూడా రాయాలి. అన్ని వరుసలకూ పైన ఒకే పరిధి రాస్తే చాలదు. ఒకే పరీక్షకు ఒకచోట 0.6–1.4, మరొకచోట 0.7–1.3, ఇంకొకచోట 62–106 అని ఎందుకుంటాయని చాలామంది అడుగుతారు. ప్రయోగశాల వాడే యంత్రం, రసాయనం, పరిధిని నిర్ణయించడానికి ఎంచుకున్న మనుషులు, వీటిని బట్టి అది మారుతుంది. క్రియాటినిన్‌కు రెండు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. ఒకటి జాఫె పద్ధతి. 1886లో జాఫె కనిపెట్టిన పిక్రిక్ ఆమ్లపు రంగు చర్య దీనికి ఆధారం. చౌకైనది, కాని రక్తంలోని కీటోన్‌ల వంటి ఇతర పదార్థాలను కూడా కొంత క్రియాటినిన్‌గా చదువుతుంది. రెండవది ఎంజైమ్ పద్ధతి. ఖరీదు ఎక్కువ, తికమక తక్కువ. చాలా రిపోర్టుల్లో పరీక్ష పేరు కింద చిన్న అక్షరాల్లో పద్ధతి పేరు ఉంటుంది. ఒక ప్రయోగశాల నుంచి ఇంకొక దానికి మారిన రోజునే అంకె ఎగిరితే, మూత్రపిండాన్ని అనుమానించే ముందు ఆ చిన్న అక్షరాలను చూడాలి.

మరి ఆ పరిధి అంటే ఏమిటి? ఆరోగ్యంగా ఉన్నారని భావించిన కొన్ని వందల మంది రక్తాన్ని పరీక్షించి, వచ్చిన అంకెలలో నడుమనున్న 95 శాతాన్ని తీసుకుంటారు. అటు రెండున్నర శాతం, ఇటు రెండున్నర శాతం వదిలేస్తారు. అంటే అది ఒక సమూహపు పరిధి, మీ పరిధి కాదు. క్రియాటినిన్ కండరాల నుంచి పుడుతుంది. బక్కపలచని మనిషికి 0.6 సహజం, కండలు తిరిగిన మనిషికి 1.2 సహజం. ఇద్దరినీ కలిపి పరిధి కట్టారు కాబట్టి అది అంత వెడల్పుగా ఉంది. కాని ఒకే మనిషిలో ఆరోగ్యంగా ఉన్నప్పుడు క్రియాటినిన్ పెద్దగా కదలదు. రోజురోజుకూ ఉండే సహజమైన ఊగిసలాట ఇంచుమించు ఐదు శాతం. కనుక 0.7 మీ సహజస్థితి అయితే, 1.2కు చేరినా మీరు ‘నార్మల్’ లోనే ఉంటారు, కాని మూత్రపిండాల పనిలో సుమారు సగం పోయి ఉండవచ్చు. అందుకే ఈ ఒక్క పరీక్షను ఎంచుకున్నాను. విడిగా చూస్తే ఇంతగా దాచి, వరుసలో పెడితే ఇంతగా చెప్పే పరీక్షలు తక్కువ.

ఇక ఆ అమ్మాయి రెండు సాయంత్రాలు కూర్చొని తయారు చేసిన పట్టికలోని క్రియాటినిన్ భాగం ఇది. మార్చిన విలువలు డెసిలీటరుకు మిల్లీగ్రాములలో ఉన్నాయి.

| రక్తం తీసిన తేదీ | వయసు | కాగితం మీది అంకె, ప్రమాణం | ఆ ప్రయోగశాల పరిధి | మార్చిన విలువ | ఇ-జి.ఎఫ్.ఆర్. | ఆనాటి సంగతులు |
|---|---|---|---|---|---|---|
| మార్చి 2015 | 50 | 0.9 మి.గ్రా./డె.లీ. | 0.6–1.4 | 0.9 | 104 | ఊళ్లో ప్రయోగశాల |
| ఆగస్టు 2017 | 52 | 88 మైక్రోమోల్/లీ. | 62–106 | 1.0 | 91 | గల్ఫ్ |
| ఫిబ్రవరి 2019 | 54 | 1.1 మి.గ్రా./డె.లీ. | 0.7–1.3 | 1.1 | 80 | 2018 చివర నుంచి మోకాళ్ల నొప్పి మాత్రలు |
| జూన్ 2021 | 56 | 1.2 మి.గ్రా./డె.లీ. | 0.7–1.3 | 1.2 | 71 | నొప్పి మాత్రలు వారానికి మూడు నాలుగు |
| మే 2022 | 57 | 1.6 మి.గ్రా./డె.లీ. * | 0.7–1.3 | 1.6 | లెక్కించలేదు | వాంతులు, విరేచనాలు, సెలైన్ |
| జూన్ 2022 | 57 | 1.2 మి.గ్రా./డె.లీ. | 0.7–1.3 | 1.2 | 71 | కోలుకున్నాక |
| నవంబరు 2023 | 58 | 1.3 మి.గ్రా./డె.లీ. | 0.6–1.4 | 1.3 | 64 | అలసట |

ఈ పట్టికను చదవడంలో మొదట చేయవలసినది ఆ నక్షత్రపు గుర్తును పక్కన పెట్టడం. ఎనిమిదేళ్లలో ఇంట్లో అందరికీ గుర్తున్నది మే 2022 నాటి 1.6 ఒక్కటే. కాని పట్టికలో అన్నిటికంటే తక్కువ చెప్పేది అదే. ఒంట్లో నీరు తగ్గినప్పుడు మూత్రపిండాలకు రక్తం తక్కువగా అందుతుంది, క్రియాటినిన్ పెరుగుతుంది. సెలైన్ ఎక్కించాక, నెలకు 1.2కు, అంటే సంవత్సరం కిందటి చోటికే వచ్చింది. ఆ పెరుగుదల విరేచనాలది. దానిని వరుసలో ఉంచాలి, చెరిపివేయకూడదు, కాని గీత గీసేటప్పుడు దాని మీదుగా గీయకూడదు. చివరి గడిలో ‘విరేచనాలు’ అన్న మాట లేకపోతే ఈ తేడా ఎవరికీ తెలియదు. జ్వరం, ఆసుపత్రి, కొత్త మందు, ముందురోజు రాత్రి పెళ్లి విందులో తిన్న మాంసం: ఇటువంటివన్నీ ఆ గడిలోకి రావాలి. ఉడికించిన మాంసం తిన్న కొన్ని గంటల పాటు క్రియాటినిన్ కొంత పెరిగే ఉంటుంది. వ్యాయామశాలకు వెళ్లే కుర్రవాళ్లు తీసుకునే క్రియాటిన్ పొడి కూడా ఈ అంకెను పెంచగలదు.

ఆ ఒక్క వరుసను తప్పిస్తే మిగిలినవి 0.9, 1.0, 1.1, 1.2, 1.2, 1.3. ఇప్పుడు ఒక ప్రశ్న. 1.2 నుంచి 1.3కు పెరిగితే అది పెరుగుదలేనా? కాకపోవచ్చు. మనిషిలోని సహజమైన ఊగిసలాట, యంత్రపు ఊగిసలాట రెండూ కలిపితే, రెండు ఫలితాల మధ్య పదిహేను ఇరవై శాతం తేడా ఉంటే తప్ప నిజంగా మారిందని గట్టిగా చెప్పలేము. 1.2 నుంచి 1.3కు ఉన్న తేడా ఎనిమిది శాతమే. పైగా ప్రయోగశాల ఒకే దశాంశ స్థానం వరకు అచ్చు వేస్తుంది కనుక 1.2 అన్నది 1.15 కావచ్చు, 1.24 కావచ్చు. పక్కపక్కనున్న ఏ రెండు కాగితాలు తీసుకున్నా ఈ సందేహం నిలుస్తుంది. ఏ వైద్యుడైనా కిందటి కాగితంతో పోల్చి "పెద్ద తేడా లేదు" అంటే ఆయన తప్పు అన్నట్లు కాదు. కాని ఊగిసలాట అన్నది ఒకసారి పైకి, ఒకసారి కిందికి పోవాలి. ఇక్కడ నాలుగు మెట్లూ ఒకే దిక్కుకు ఎక్కాయి. మొదటి అంకెను చివరి అంకెతో పోల్చితే నలభై నాలుగు శాతం పెరుగుదల. దీనికి ఊగిసలాట సమాధానం కాదు.

ఆరవ గడిలోని ఇ-జి.ఎఫ్.ఆర్. అంటే మూత్రపిండాలు నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల రక్తద్రవాన్ని వడకడుతున్నాయన్న అంచనా. క్రియాటినిన్, వయసు, స్త్రీయా పురుషుడా అన్నవి తీసుకొని లెక్కిస్తారు. ఈమధ్య చాలా ప్రయోగశాలలు దీనిని కూడా అచ్చు వేస్తున్నాయి. కాని పాత కాగితాల మీద ఉండదు, ఉన్నా వేరే వేరే సూత్రాలతో కట్టినవి కావచ్చు. సూత్రం మారితే అంకె మారుతుంది. అందుచేత అచ్చయిన అంకెలను నమ్ముకోకుండా అన్ని వరుసలకూ ఒకే సూత్రంతో మనమే లెక్క కట్టుకోవడం మేలు. పై పట్టికలో వాడినది సి.కె.డి-ఎపి 2021 సూత్రం. కంప్యూటరు పట్టికలో B గడిలో అసలు అంకె, D గడిలో మార్చిన క్రియాటినిన్, E గడిలో వయసు ఉంటే, మైక్రోమోల్‌లను మార్చడానికి మొదటి వరుస, పురుషులకు రెండవది, స్త్రీలకు మూడవది రాయాలి.

```
=B2/88.4
=142*MIN(D2/0.9,1)^(-0.302)*MAX(D2/0.9,1)^(-1.2)*0.9938^E2
=142*MIN(D2/0.7,1)^(-0.241)*MAX(D2/0.7,1)^(-1.2)*0.9938^E2*1.012
```

మే 2022 వరుసలో దీనిని ఎందుకు లెక్కించలేదంటే, క్రియాటినిన్ నిలకడగా ఉన్నప్పుడే ఈ సూత్రానికి అర్థం ఉంటుంది. గంట గంటకూ మారుతున్న రోజున అది వట్టి అంకె. మరొక పరిమితి కూడా ఉంది. ఈ సూత్రం మన దేశపు జనం మీద కట్టినది కాదు. కండరాలు బాగా క్షీణించిన వృద్ధులలో, కాలు తీసివేసిన వారిలో, చిక్కిపోయిన రోగులలో క్రియాటినిన్ తక్కువగా పుడుతుంది కనుక మూత్రపిండాలు ఉన్నదానికంటే బాగున్నట్లు చూపిస్తుంది. అందుకే బరువుకు ఒక గడి పెట్టమంటాను. బరువు పది కిలోలు తగ్గి క్రియాటినిన్ కూడా తగ్గితే అది శుభవార్త కాకపోవచ్చు. అటువంటప్పుడు కండరాలతో పెద్దగా పనిలేని సిస్టాటిన్ సి అనే పరీక్షను వైద్యులు అడగవచ్చు. మన పెద్దమనిషి బరువు ఈ ఎనిమిదేళ్లలో రెండు కిలోలు మాత్రమే మారింది కనుక ఆ సందేహం రాలేదు.

104 నుంచి 64. ఎనిమిది సంవత్సరాల ఎనిమిది నెలల్లో నలభై తగ్గింది, అంటే ఏడాదికి నాలుగున్నర పైన. వయసుతో పాటు నడివయసు దాటిన వారికి ఏడాదికి ఒకటి దాకా తగ్గడం సహజమంటారు. నాలుగున్నర సహజం కాదు. ఆ కాగితాలలో ఏ ఒక్కటీ ఈ మాట చెప్పలేదు.

పట్టిక ఇంకొకటి కూడా చేసింది. ఒక గడిని ఖాళీగా చూపించింది. మధుమేహం ఉన్నవారికి ఏడాదికి ఒకసారి చేయవలసిన మూత్ర పరీక్ష ఒకటుంది: మూత్రంలో ఆల్బుమిన్‌కు, క్రియాటినిన్‌కు ఉన్న నిష్పత్తి. ఆ అమ్మాయి దాని పేరుతో నిలువు గడి గీసి, సంచి అంతా వెతికింది. ఒక్క కాగితమూ దొరకలేదు. సంచిలో ఉన్నదంతా మామూలు మూత్ర పరీక్ష, ‘ఆల్బుమిన్: నిల్’ అన్నదే. కాగితపు పట్టీ ముంచి చూసే ఆ పరీక్షకు కొద్దిపాటి ఆల్బుమిన్ చిక్కదు. డిసెంబరు 2023లో నిష్పత్తి పరీక్ష చేయిస్తే గ్రాముకు 210 మిల్లీగ్రాములు వచ్చింది. 30 లోపు ఉండాలి. మూడు వారాలకు మళ్లీ చేయిస్తే 195. ఇక్కడ కూడా ప్రమాణాన్ని చూసుకోవాలి. కొన్ని దేశాల్లో దీనిని మిల్లీమోల్‌కు ఇన్ని మిల్లీగ్రాములు అంటారు, అప్పుడు హద్దు 30 కాదు, 3. అక్కడి 20ని చూసి ‘ముప్పై లోపే’ అనుకుంటే ఎంత ప్రమాదమో ఊహించండి.

అమ్మాయి ఆ పట్టికను ఒక కాగితం మీద అచ్చు తీసుకొని మూత్రపిండాల నిపుణుని దగ్గరికి వెళ్లింది. ఆయన రెండు నిమిషాలు చూశారట. మొదట అడిగిన ప్రశ్న చివరి గడి గురించే: "ఈ నొప్పి మాత్రలు ఎవరు రాశారు?" ఎవరూ రాయలేదు. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న డైక్లోఫెనాక్. దానిని ఆపించారు. క్షీణత మాత్రలకు ముందే, 2017 నాటికే మొదలైనట్లు పట్టిక చూపిస్తున్నది కనుక నేరమంతా వాటిదే అనలేము. ఏ రెండు సంగతులు ఒకే కాలంలో జరిగాయో పట్టిక చెప్పగలదు గాని, ఒకటి రెండవదానికి కారణమని చెప్పలేదు. ఆ నిర్ణయం వైద్యునిదే. రక్తపోటు మందును టెల్మిసార్టాన్‌కు మార్చారు. మూత్రంలో పోయే ఆల్బుమిన్‌ను తగ్గించే మందుల కోవలోనిది అది.

జనవరి 2024 చివరలో ఆ మందు మొదలైంది. ఫిబ్రవరిలో, మూడు వారాలకు పరీక్ష చేయిస్తే క్రియాటినిన్ 1.5. ఈసారి నక్షత్రపు గుర్తు పడింది. ఇంట్లో కలవరపడి, "కొత్త మందు కిడ్నీలను చెడగొడుతోంది, ఆపేద్దాం" అనుకున్నారు. ఈ దశలో మందు ఆపేసుకున్న వారిని నేను వృత్తిలో ఎందరినో చూశాను. ఈ మందు మూత్రపిండపు జల్లెడలోని ఒత్తిడిని తగ్గిస్తుంది. అందువల్ల మొదట్లో వడపోత కొంచెం తగ్గి క్రియాటినిన్ కొంచెం పెరగడం ఎదురుచూసేదే. ముప్పై శాతం లోపు పెరిగి అక్కడ ఆగితే మందును కొనసాగిస్తారు. 1.3 నుంచి 1.5కు పెరుగుదల పదిహేను శాతం. పొటాషియం కూడా చూడాలి, అది 4.8, హద్దులోనే ఉంది. పట్టికలో ‘టెల్మిసార్టాన్ ప్రారంభం’ అని ఒక అడ్డగీత ఉన్నది కనుక, పెరుగుదల గీతకు వెంటనే కింద ఉన్నది కనుక, నిపుణుడు దానిని చూసి "కొనసాగించండి, మళ్లీ ఏప్రిల్‌లో చేయించండి" అన్నారు. మందు మొదలైన తేదీని, మోతాదు మారిన తేదీని పట్టికలో అడ్డగీతగా రాయమని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఇక కంప్యూటరులో చేసేవారికి రెండు చిన్న హెచ్చరికలు. పరిధిని 4-6 అని టైపు చేస్తే పట్టిక దానిని తేదీగా మార్చేస్తుంది. ముందుగా ఒక పైకామా (') పెట్టి టైపు చేస్తే అక్షరాలుగా ఉంచుతుంది. ప్రయోగశాల "0.01 కంటే తక్కువ" అని ఇచ్చినప్పుడు దానిని 0.01 అనీ రాయకూడదు, సున్నా అనీ రాయకూడదు. కాగితం మీద ఎలా ఉందో అలాగే ఉంచాలి. కంప్యూటరు అలవాటు లేనివారు గీతల నోటుపుస్తకాన్ని అడ్డంగా తిప్పి వాడుకోవచ్చు. మా పెద్దమనిషి పట్టిక మొదట అలాగే మొదలైంది. పట్టికలోకి ఎక్కింది కదా అని అసలు కాగితాలను మాత్రం పారేయవద్దు. వాటికి పైన వరుస సంఖ్య వేసి, అదే సంఖ్యను పట్టికలోనూ రాస్తే, ఏ అంకె మీద సందేహం వచ్చినా అర నిమిషంలో అసలు కాగితం చేతికి వస్తుంది. ఒకసారి అలా సరిచూసినప్పుడే తండ్రి కాగితాల మధ్య అదే ఇంటిపేరున్న మేనమామ రిపోర్టు ఒకటి చేరిపోయిందని ఆ అమ్మాయి పట్టుకుంది. పేరు, వయసు చూడకుండా ఏ కాగితాన్నీ వరుసలోకి ఎక్కించకండి.

అన్ని పరీక్షలనూ ఒకే పట్టికలో కుక్కనక్కరలేదు. ఇరవై నిలువు గడులు ఉన్న పట్టికను ఎవరూ చదవరు. మధుమేహం, రక్తపోటు ఉన్న మనిషికి క్రియాటినిన్, ఇ-జి.ఎఫ్.ఆర్., పొటాషియం, హిమోగ్లోబిన్, గ్లైకేటెడ్ హిమోగ్లోబిన్, మూత్రపు ఆల్బుమిన్ నిష్పత్తి, వీటితో బరువు, రక్తపోటు ఉంటే చాలు. అవి ఒక కాగితానికి సరిపోతాయి.

ఏప్రిల్ 2024లో వారి క్రియాటినిన్ 1.4, మూత్రపు ఆల్బుమిన్ నిష్పత్తి 90. అక్టోబరులో 1.4, నిష్పత్తి 75. ఫిబ్రవరి 2025లో మళ్లీ 1.4. ఇ-జి.ఎఫ్.ఆర్. 58 దగ్గర పది నెలలుగా కదలలేదు. ఏ కాగితాన్ని విడిగా తీసుకున్నా పక్కన నక్షత్రపు గుర్తు ఉంది, ఎందుకంటే ఇప్పుడు వారు వెళ్లే ప్రయోగశాల పరిధి 0.7–1.3. ఆ గుర్తు చూసి బంధువులు కంగారు పడుతుంటే, ఆయన మాత్రం జేబులోంచి మడతపెట్టిన పట్టిక తీసి, అడ్డగీతకు పైనున్న వరుసలను, కిందనున్న వరుసలను వేలితో చూపిస్తున్నారు.